ఒకే తలుపు, ఐదు పిలుపులు

ఒక భక్తుడు పాట రాశాడనుకుందాం. అందులో ఇలా ఉంది: "స్వామీ, నా హృదయం అపారమైన భక్తితో నిండిపోయింది. నిన్ను చూడలేక భరించరాని దుఃఖంతో విలపిస్తున్నాను." అర్థం తెలుస్తూనే ఉంది. ఆ భక్తుడికి బాధ ఉందనీ నమ్ముతాం. కానీ చదివిన మనకు ఏమీ కాదు. ఇప్పుడు అదే మనిషి ఇలా రాశాడనుకోండి: "గుడి మూసేవేళైంది స్వామీ. అందరూ వెళ్లిపోయారు. నేను చెప్పులు తొడుక్కున్నాను, మళ్లీ విప్పేశాను." ఇందులో భక్తి అనే మాట లేదు, దుఃఖం అనే మాట లేదు. అయినా ఆ విప్పేసిన చెప్పుల దగ్గర మన మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

మొదటి పాటలో జరిగిన పొరపాటుకు మన అలంకారశాస్త్రంలో పేరుంది. స్వశబ్దవాచ్యత్వం అంటారు. ఏ భావాన్ని పాఠకుడికి కలిగించాలో ఆ భావాన్ని దాని సొంత పేరుతో చెప్పేయడం అన్నమాట. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని రసదోషాల్లో చేర్చాడు. భక్తి కవిత్వం చదవడం మొదలుపెట్టేవాళ్లకు భావం, రసం అన్న మాటలు ఏవో పెద్ద చదువుల మాటల్లా వినిపిస్తాయి గానీ, ఈ ఒక్క దోషం అర్థమైతే సగం దారి నడిచినట్టే. కవి పేరు పెట్టి చెప్పేది ఒకటి, మనలో పుట్టేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని పుట్టించడానికి కవి చేతిలో ఉన్నవి మాటలే.

భరతముని నాట్యశాస్త్రంలో రసాన్ని వివరించడానికి భోజనాన్ని పోలిక తెచ్చాడు. రకరకాల వ్యంజనాలు, దినుసులు కలిసినప్పుడు ఆ వంటకానికి ఒక రుచి వస్తుంది. అది ఏ ఒక్క దినుసు రుచీ కాదు. భావాలు దినుసులు, రసం రుచి. భావం కావ్యంలోని మనిషిది. రసం చదివేవాడిది, వినేవాడిది. గజేంద్రుడికి కలిగినది భయం, ఆర్తి. వాటిని చదువుతూ మనం పొందేది రసం. గజేంద్రుడి స్థానంలో ఉండి ఎవరూ ఆనందించలేరు, కానీ ఆ కథ వింటూ కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఇంకోసారి చదవమని అడుగుతారు. అనుభవించేవాడి బాధకూ ఆస్వాదించేవాడి తృప్తికీ మధ్య ఉన్న ఈ తేడాయే రససిద్ధాంతానికి మూలం.

దినుసులేమిటో కూడా క్లుప్తంగా చూద్దాం. మనసులో నిలకడగా ఉండేది స్థాయీభావం. దాన్ని రేపే మనిషి, చోటు, వేళ విభావాలు. అది బయటపడే తీరు అనుభావం: చూపు, నడక, మాట. చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, కన్నీరు వంటివి మనం కావాలని తెచ్చుకుంటే వచ్చేవి కావు కాబట్టి వాటిని సాత్త్విక భావాలని వేరుగా చెప్పారు; అవి ఎనిమిది. స్థాయి మీద అలల్లా వచ్చిపోయేవి సంచారీ భావాలు: శంక, చింత, దైన్యం, స్మృతి, ఔత్సుక్యం, ఇలా ముప్ఫై మూడు. ఈ జాబితాలు కంఠతా పట్టనక్కర్లేదు. చదువుతున్నప్పుడు ఎవరిని చూసి, ఏ వేళ, ఒంట్లో ఏమైంది, మధ్యలో ఏ ఆలోచన వచ్చిపోయింది అని అడిగితే చాలు. చెప్పుల పాటలో గుడి మూసే వేళ విభావం. చెప్పులు తొడుక్కుని విప్పేయడం అనుభావం. వెళ్లాలా వద్దా అన్న ఊగిసలాట సంచారి. ఇవి మూడూ ఉన్నాయి కాబట్టి స్థాయి పేరు చెప్పక్కర్లేకపోయింది.

మరి భక్తి రసమేనా? దీని మీద పెద్ద వాదమే నడిచింది. భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో, తర్వాత చేరిన శాంతంతో కలిపి తొమ్మిదింటిలో భక్తి లేదు. దేవుడి మీది ప్రేమ రసం దాకా పోదని, భావంగానే ఉంటుందని మమ్మటుడి మాట. మన గోదావరి సీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు 17వ శతాబ్దంలో రసగంగాధరంలో భక్తిని రసమని ఎందుకు అనకూడదన్న ప్రశ్న తానే లేవనెత్తి, చివరికి భరతుడు పెట్టిన లెక్కకే కట్టుబడ్డాడు. ఆయనకు ముందే 16వ శతాబ్దంలో బృందావనంలో రూపగోస్వామి భక్తిరసామృతసింధువు రాసి, భక్తి రసం కావడమే కాదు, అందులో ఐదు ముఖ్యమైన రకాలున్నాయన్నాడు. శాంతం, దాస్యం, సఖ్యం, వాత్సల్యం, మధురం. ఈ వాదంలో ఎవరు గెలిచారన్నది పండితులు చూసుకుంటారు. కొత్తగా చదివేవాడికి మాత్రం రూపగోస్వామి విభజనే చేతికి అందే పనిముట్టు అని నా నమ్మకం. ఎందుకంటే ఆయన భావాన్ని చుట్టరికంతో కొలిచాడు. భక్తుడు దేవుణ్ణి ఏమనుకుంటున్నాడు, యజమాని అనా, నేస్తం అనా, బిడ్డ అనా, ప్రియుడు అనా? ఆ చుట్టరికం తెలుగులో ఎక్కడ కనిపిస్తుందో మనందరికీ తెలుసు. పిలుపులో, క్రియ చివరన.

దీన్ని చేసి చూద్దాం. సందర్భం ఒక్కటే: గుడి తలుపు మూసి ఉంది, భక్తుడు బయట ఉన్నాడు. కింది పంక్తులు ఈ వ్యాసం కోసం అల్లినవి, ఏ కవివీ కావు.

దాసుడు అయితే ఇలా అంటాడు:

"గడియ తీయమని అడగను స్వామీ,
గడప పక్కన చోటిస్తే అదే పదివేలు."

ఇందులో పనిచేస్తున్న మాట 'అడగను'. దాసుడు అడగడు, విన్నవించుకుంటాడు. తలుపు దగ్గరే ఉన్నా లోపలి చోటు కోరడు, గడప పక్క చోటు కోరతాడు. అక్కడ 'స్వామీ' తీసేసి 'కృష్ణా' పెట్టి చూడండి. వినయం సగం తగ్గిపోతుంది. పేరు పెట్టి పిలవడానికి చనువు కావాలి, దాసుడికి అది లేదు.

నేస్తం అయితే:

"ఎంతసేపురా లోపల?
వానొచ్చేట్టుంది, తియ్."

'రా' అన్న ఒక్క అక్షరం, 'తియ్' అన్న కుదించిన క్రియ. తీయుము, తీయవయ్యా, తియ్యవా అన్నవాటిలో ఏదీ ఇక్కడ ఇమడదు. సఖ్యంలో వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ఎందుకంటే స్నేహితులు సంజాయిషీలు చెప్పుకోరు. వాన ప్రస్తావన కూడా గమనించండి. దాసుడు తడుస్తున్నా ఆ సంగతి చెప్పడు.

తల్లి అయితే:

"తలుపు తియ్యి నాన్నా,
పాలమీద మీగడ కట్టేస్తోంది."

ఇక్కడ అవసరం చేతులు మారింది. మొదటి రెండింటిలో భక్తుడికి ఏదో కావాలి. వాత్సల్యంలో దేవుడికి కావాలి, ఆకలి ఆయనది. లోకాలకు అన్నం పెట్టేవాడికి పాలు చల్లారిపోతాయేమోనని ఒక మనిషి కంగారు పడడమే వాత్సల్య భక్తికి ప్రాణం. మన ఇళ్లల్లో మగబిడ్డను 'నాన్నా' అనే పిలుపు ఉంది చూశారా, కన్నబిడ్డనే తండ్రిని చేసే ఆ పిలుపు ఈ భావానికి అమిరినట్టు ఇంకేదీ అమరదు. అలాగే 'పాలు చల్లారిపోయాయి' అని కాకుండా 'మీగడ కట్టేస్తోంది' అనడంలో ఆమె ఆ గిన్నెను ఎంతసేపటి నుంచి చూస్తోందో కూడా తెలిసిపోతుంది.

ప్రియురాలు అయితే తలుపు ఊసే ఎత్తదు:

"దీపంలో నూనె రెండోసారి పోశాను.
మల్లెలకు రెండో రాత్రి లేదు కదా."

పిలుపు లేదు. క్రియ ఆజ్ఞలో లేదు. అడగడం లేదు, చెప్పడం లేదు, చుట్టూ ఉన్న వస్తువుల కబుర్లు చెబుతోంది. మధురభక్తిలో, అందులోనూ విరహంలో, కోరిక ఎంత గట్టిదైతే మాట అంత పక్కదారిన నడుస్తుంది. క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుడి మీద కోపమో బెంగో నేరుగా అతనితో కాక చెలికత్తెతో చెప్పుకునే ఘట్టాలు ఎన్ని ఉన్నాయో చదివినవారికి తెలుసు. అన్నమయ్య సంకీర్తనలను తామ్రపత్రాల మీద ఆధ్యాత్మమని, శృంగారమని రెండుగా విభజించి చెక్కించారు. ఆ శృంగార సంకీర్తనల్లోనూ అలమేలుమంగ తరఫున మాట్లాడే చెలుల గొంతు తరచూ వినిపిస్తుంది. ఆ మూడో మనిషి ఉన్నందువల్లే నాయిక మాట దాచుకోగలుగుతుంది.

ఐదో పిలుపు దెప్పిపొడుపుది:

"పట్టపగలు తలుపేసుకున్నావేం సామీ?
మా ఊళ్లో అప్పులున్నవాళ్లు చేసే పని ఇది."

పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని చెప్పుకునే వేంకటేశుడికి ఈ మాట సూటిగా తగులుతుంది. ఇది నిందాస్తుతి. రూపగోస్వామి చెప్పిన ఐదింటిలో దీనికి ప్రత్యేక స్థానం లేదు. శాంతాన్ని పక్కనపెట్టి దీన్ని ఇక్కడ తీసుకున్నది తెలుగు కవిత్వంలో దీని బలం చూసి. శాంతంలో తలుపు తెరుచుకోవాలన్న ఆత్రమే ఉండదు కాబట్టి మన సందర్భం దానికి నప్పదు కూడా.

ఇప్పుడు ఒక తప్పు చేసి చూద్దాం. తల్లి పంక్తిలో పిలుపు మార్చి 'తలుపు తియ్యి జగన్నాటక సూత్రధారీ, పాలమీద మీగడ కట్టేస్తోంది' అందాం. అర్థం ఏమీ చెడలేదు, పైగా దేవుడికి గౌరవం పెరిగింది. కానీ వాత్సల్యం పోయింది. ఆయన సూత్రధారి అని గుర్తొచ్చిన క్షణంలో తల్లి తల్లిగా ఉండలేదు, ఆయనకు ఆకలేస్తుందని నమ్మలేదు. కొత్తగా భక్తి గీతాలు రాసేవారిలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. ఒక చరణంలో బిడ్డ, తర్వాతి చరణంలో విశ్వంభరుడు, ఆ తర్వాత ప్రియుడు. భావం మారడం తప్పు కాదు, మారడానికి కారణం కనిపించకపోవడం తప్పు. యశోద కృష్ణుడి నోట్లో బ్రహ్మాండం చూసినప్పుడు ఆమె వాత్సల్యం ఒక్కసారి తడబడుతుంది. అక్కడ భావం మారడానికి కథలోనే సంఘటన ఉంది.

కారణంతో మారే భావం ఎలా ఉంటుందో చూడాలంటే పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం దగ్గరికి రావాలి. అందరికీ కథ తెలుసు కాబట్టి మాటల మీదే దృష్టి పెట్టవచ్చు. మొసలి వదలదు, ఏనుగు ఓపిక అయిపోతుంది. అప్పుడు గజేంద్రుడు మొదట చేసేది ఆలోచన. లోకం ఎవరి నుంచి పుట్టిందో, ఎవరిలో కలిసిపోతుందో ఆ ఈశ్వరుణ్ణి శరణు కోరతానంటాడు. గంభీరమైన పద్యం, కానీ దేవుడు అక్కడ 'అతడు'. ఇంకా దూరంగా ఉన్నాడు. తర్వాత శంక వస్తుంది. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కుల్లో ఉన్నాడంటారు. ఆ పద్యంలో 'ఉన్నాడు' అని చెప్పే క్రియ మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ లోకులు అలా అంటారన్న తోకతో వస్తుంది. చివరికి అదే క్రియకు సందేహాన్ని చెప్పే 'ఓ' తగులుకుంటుంది. శంక అనే సంచారీ భావాన్ని కవి పేరు పెట్టి చెప్పలేదు, ఒక క్రియ చివరలు మార్చి చూపించాడు.

ఆ తర్వాత వచ్చేది తెలుగువాళ్ల నోళ్లలో నానిపోయిన శార్దూలం. అందులో మొదట శరీరం సంగతులు వరసగా ఉంటాయి. బలం లేదు, ధైర్యం చలించింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది. అన్నీ చిన్న చిన్న వాక్యాలు. అనుభావాలు, సాత్త్విక భావాలు తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ఊపిరాడని జంతువు పొడుగు వాక్యం మాట్లాడదు కదా. దీనుడినన్న మాట ఒకటి వస్తుంది నిజమే, కానీ ఎప్పుడు వస్తుంది? ఒళ్లంతా సాక్ష్యం చెప్పాక. అప్పటికి ఆ మాట భావానికి పేరుగా వినపడదు, తేలిన నిజంగా వినపడుతుంది. స్వశబ్దవాచ్యత్వం దోషమని నేర్చుకున్నవారు ఈ మినహాయింపును కూడా నేర్చుకోవాలి. పేరు ముందు చెబితే పస ఉండదు, అనుభవం తర్వాత చెబితే ముద్ర పడుతుంది.

అసలు మలుపు మాత్రం సర్వనామంలో ఉంది. అంతవరకూ 'అతడు'గా ఉన్న దేవుడు ఈ పద్యంలో 'నీవు' అయ్యాడు. శరణాగతి అంతా ఆ మార్పులోనే ఉందని నేను అనుకుంటాను. 'అతణ్ణి శరణు వేడతాను' అన్నంతవరకూ అది ఒక నిర్ణయం. 'నీవు తప్ప' అన్నాక ఎదురుగా మనిషి ఉన్నట్టే. పద్యం చివర మూడు పిలుపులు, ప్రతి పిలుపు ముందూ ఒక క్రియ. మొదటి రెండు క్రియలూ రమ్మని, కాపాడమని అడిగే పొట్టి తెలుగు మాటలు. ఇంట్లో చనువున్నవాళ్లతో వాడే 'వే' వాటి చివర ఉంది. తత్త్వం మాట్లాడినప్పుడు దూరంగా ఉన్నవాడు ప్రాణం పోయేవేళ దగ్గరివాడయ్యాడు.

ఇక విష్ణువు బయల్దేరే మత్తేభం. ఒక దేవుడి తొందర చూపించడానికి ఇంకో కవి అయితే గాలిలా, మెరుపులా అని ఉపమలు పోగేసేవాడు. పోతన ఆయన చేయని పనులు చెప్పాడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెదిరిన జుట్టు సర్దుకోలేదు, పట్టుకున్న లక్ష్మి కొంగు కూడా వదల్లేదు. వరసగా అన్నీ 'లేదు'లే. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహం అనే మాట పద్యం చివర వస్తుంది. శార్దూలంలో దీనుడన్న మాటకు ఉన్న చోటే దీనికీ ఇచ్చాడు.

ఆ వెనక లక్ష్మి నడక చెప్పే కంద పద్యం ఉంది. ఎక్కడికని అడుగుదామని వేగంగా వెళుతుంది, అడిగినా జవాబు చెప్పడేమోనని ఆగుతుంది, అడుగు వేస్తుంది, వేయదు. ఆ పద్యంలో పాదాల చివర తప్పక ఉండాల్సిన గురువులు వదిలేస్తే దాదాపు అన్నీ లఘువులే, పైగా 'డ' మళ్లీ మళ్లీ తగులుతుంది. ట, డ వంటి అక్షరాలు కోపానికి, వీరానికి వాడతారని, మెత్తని అక్షరాలు ప్రేమకు వాడతారని మొదటి పాఠాల్లో చెబుతారు. అది సగం నిజం. ఇక్కడ అదే 'డ' ఒక ఇల్లాలి తడబడే అడుగులైంది. పక్కన ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ఉంటే డకారం ఉరుముతుంది, లఘువుల మధ్య ఒంటరిగా పడితే తొట్రుపడుతుంది. అక్షరాన్ని ఒంటరిగా చూసి భావం చెప్పేవాళ్లను నమ్మవద్దు. దాని పక్కన ఏముందో చూడాలి.

చదువుతున్న పద్యంలో భావం నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి నేను చేసే పని చాలా మామూలుది. విశేషణాలన్నీ కొట్టేస్తాను. అపారమైన, అనంతమైన, పరమ పావనమైన అన్నవి పోయాక ఏదైనా పని, వస్తువు, అడుగు మిగిలితే పద్యం నిలిచినట్టు. ఆ తర్వాత పిలుపు మారుస్తాను. స్వామీ ఉన్నచోట కన్నా అనో, కన్నా ఉన్నచోట ప్రభూ అనో పెట్టి చదువుతాను. ఏమీ తేడా రాలేదంటే ఆ పిలుపు మొదటినుంచీ అక్కడ పనిచేయడం లేదన్నమాట. గట్టి పద్యాల్లో పిలుపు ముట్టుకుంటే మిగతావన్నీ కదులుతాయి.

శతకాలు దీనికి మంచి బడి. శతకానికి మకుటం ఉంటుంది, అది చాలావరకు సంబోధనే. ప్రతి పద్యం చివరా అదే పిలుపు రావాలి. అంటే కవి ఒక చుట్టరికానికి నూరు పద్యాలకు పైగా కట్టుబడతాడు. కంచెర్ల గోపన్న దాశరథీ శతక మకుటంలో రాముణ్ణి దయాసముద్రుడని పిలిచాడు కాబట్టి ఆ శతకంలో ఎక్కడ తెరిచినా మొర వినపడుతుంది. అయితే దీన్ని తలకిందులు చేసి చూపినవాడు కాసుల పురుషోత్తమ కవి. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువు మీద ఆయన రాసిన ఆంధ్రనాయక శతకం సీసపద్యాల్లో ఉంటుంది. సీసం నాలుగు పాదాల్లోనూ దేవుడికి చీవాట్లు పడుతుంటాయి. నీ పనులేమిటి, నీ ఇంటి సంగతేమిటి అని నిలదీస్తుంటే ఇది భక్తేనా అనిపిస్తుంది. కింద ఎత్తుగీతిలోకి దిగేసరికి మకుటం వస్తుంది. అందులో దెప్పిపొడుపు ఒక్క ముక్క ఉండదు. ఆశ్చర్యం గొలిపే మహిమ కలవాడా, దాక్షిణ్యం కలవాడా, శత్రువులను హతమార్చినవాడా అనే అర్థం వచ్చే నిండైన పిలుపు ఉంటుంది. పైన తిట్టినవాడే కింద అలా పిలిచాడు. ఆ పిలుపు చదివాక మళ్లీ పైకెళ్లి సీసం చదవండి. అవే మాటలు ఈసారి గొడవలా వినిపించవు, ఇంటివాడు ఇంటివాడితో మాట్లాడినట్టు వినిపిస్తాయి.